ఊరికి బయలుదేరే ముందు మెంటర్‌కు పంపవలసిన సందేశం

తిరుపతిలో ఇంటర్న్‌షిప్ చేస్తుండగా ఇంటి నుంచి అత్యవసర కబురు వస్తే, రైలు ఎక్కకముందే మెంటర్‌కు సందేశం పంపండి. జబ్బు వివరాలన్నీ రాయనక్కరలేదు గానీ, చేతిలోని పని ఎక్కడ ఆగిందో మాత్రం తప్పక రాయాలి. దాన్ని మరొకరికి అప్పగించాలా, మీరు వచ్చేదాకా ఆపాలా అన్నది మెంటర్ ఆ వాక్యాన్ని బట్టే నిర్ణయించుకోగలుగుతారు.

"నమస్కారం మేడమ్. మా నాన్నగారిని హైదరాబాద్‌లో ఆసుపత్రిలో చేర్చారు. ఈ రాత్రి బయలుదేరుతున్నాను. బుధ, గురువారాలు రాలేను. అమ్మకాల నివేదికలో జూన్ వరకు సరిచూసి షేర్డ్ ఫోల్డర్‌లో ఉంచాను, జూలై లెక్కలు మిగిలాయి. ఎప్పుడు తిరిగి వస్తానో గురువారం సాయంత్రం 5 గంటలకల్లా తెలియజేస్తాను."

తిరిగివచ్చే రోజు తెలియనప్పుడు ఊహించి రాయకండి, ఆ తేదీ తప్పితే మరింత ఇబ్బంది. మళ్లీ ఎప్పుడు కబురు చేస్తారో రాస్తే చాలు.