దసరా సేవలో రాత్రి షిఫ్టు: సమస్య - పరిష్కారం

విజయవాడలో దసరా నవరాత్రుల సేవకు వాలంటీర్లను సర్దేవారికి పగటి షిఫ్టులు పెద్దగా ఇబ్బంది పెట్టవు. చిక్కంతా రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు సాగే షిఫ్టుతోనే, ఎందుకంటే నడుమ తేదీ మారిపోతుంది. అమ్మవారు సరస్వతీదేవిగా దర్శనమిచ్చే మూలా నక్షత్రం సోమవారం వచ్చిందనుకుందాం. భక్తులు ముందు రాత్రి నుంచే బారులు తీరతారు.

సమస్య: జాబితాలో పేర్లు నిండుగా ఉన్నాయి, వినాయకుడి గుడి దగ్గర క్యూలైనులో మాత్రం మంచినీళ్లు అందించేవారు లేరు.

పేర్లు తీసుకునేటప్పుడు ‘సోమవారం రాత్రి 12 నుంచి’ అని రాసి ఉంటారు. క్యాలెండరు ప్రకారం అది ఆదివారం అర్ధరాత్రి దాటిన క్షణం. మన వాడుకలో మాత్రం సోమవారం గడిచిపోయాక వచ్చే రాత్రి. వాలంటీరు మరుసటి రాత్రి వస్తే తప్పు ఆయనది కాదు. ‘ఆదివారం రాత్రి 10 – సోమవారం ఉదయం 6’ అని రెండు రోజులూ రాయండి. ముందురోజు ఫోను చేసినప్పుడు ‘వస్తున్నారా?’ అని కాకుండా ‘ఎప్పుడు వస్తున్నారు?’ అని అడగండి. పొరపాటు ఉంటే జవాబులోనే బయటపడుతుంది.

సమస్య: రాత్రంతా నిలబడిన అమ్మాయి ఖాతాలో గంటలు లేవు, ఇంట్లో ఉన్న అబ్బాయి ఖాతాలో ఎనిమిది గంటలు ఉన్నాయి.

ఇద్దరూ మాట్లాడుకుని షిఫ్టు మార్చుకున్నారు, షీటులో ఎవరూ మార్చలేదు. అంతకన్నా నన్ను కలవరపెట్టేది మరొకటి. ఆ అమ్మాయికి సోమవారం ఉదయం 6 గంటల షిఫ్టు ముందే ఉంటే, ఆమె వరుసగా రెండు షిఫ్టులు నిలబడాలి. అంత రద్దీలో అది ప్రమాదం. అందుకే ఇద్దరి నుంచీ ఇన్‌చార్జికి సందేశం రావాలి. ఆ షిఫ్టుకు ముందూ వెనుకా కనీసం ఎనిమిది గంటల విరామం ఉందో లేదో చూశాకే ఆయన ఒప్పుకోవాలి. పాత పేరు చెరిపేయకండి. పక్కనే ‘వచ్చినవారు’ అనే గడి పెట్టి, గంటలు దాన్నిబట్టే లెక్కించండి.

సమస్య: గంటలు మైనస్‌లో వస్తున్నాయి, లేదా గడి నిండా ##### కనిపిస్తోంది.

B2లో వచ్చిన సమయం 22:00, C2లో వెళ్లిన సమయం 6:00 ఉంటే, తేదీ తెలియని షీటు ఆరులోంచి ఇరవై రెండు తీసేస్తుంది. దీనికి ఈ సూత్రం చాలు:

```
=MOD(C2-B2,1)
```

ఆ గడికి `h:mm` ఫార్మాటు పెడితే ఎనిమిది గంటలు సరిగ్గా వస్తాయి. మొత్తం వేసే గడికి `[h]:mm` ఫార్మాటు పెట్టండి. మామూలు `h:mm` అయితే ఇరవై నాలుగు దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలై, 28 గంటల సేవ 4:00గా కనిపిస్తుంది.

ఈ సూత్రానికీ ఒక హద్దుంది. వచ్చిన, వెళ్లిన సమయాలు తారుమారుగా ఎక్కితే అది మైనస్ చూపించి హెచ్చరించదు, నిబ్బరంగా 16:00 అని చూపిస్తుంది. పన్నెండు గంటలు దాటిన ప్రతి వరుసనూ హాజరు పుస్తకంలోని సంతకంతో పోల్చి చూశాకే ప్రశంసాపత్రంపై గంటలు రాయండి.