కొత్త ఫోన్‌లో వాట్సాప్ బ్యాకప్ దొరకనప్పుడు

పాత ఫోన్ బోర్డు పోయిన తరువాత అదే సిమ్‌ను కొత్త ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేసి, వాట్సాప్‌లో ఓటీపీ ఇచ్చాక, బ్యాకప్ ఏదీ లేదన్న సందేశం కనిపించగానే చాలామంది సంభాషణలన్నీ పోయాయనుకొని Skip నొక్కేస్తారు. నా రిపేరు బల్ల దగ్గరికి వచ్చిన కేసుల్లో నిజంగా పోయినవి తక్కువ. ఆ బటన్ నొక్కే ముందు రెండు నిమిషాలు వెచ్చించి, బ్యాకప్ అసలు ఉందా, ఉంటే ఏ తేదీది అన్నది చూస్తే సగం సమస్య అక్కడే తేలిపోతుంది. అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది చూడలేదంటారు.

చూడవలసిన చోటు ఫోన్ కాదు. ఏదైనా కంప్యూటర్‌లో మీ గూగుల్ ఖాతాతో drive.google.com తెరిచి, Storage లోకి వెళ్లి, అక్కడ Backups నొక్కితే, ఆ ఖాతాలో ఉన్న వాట్సాప్ బ్యాకప్, దాని తేదీ కనిపిస్తాయి.

ఆ ఖాతాలో ఏమీ కనిపించకపోతే

నన్ను ఎక్కువసార్లు తిప్పలు పెట్టిన కారణం ఇదే: బ్యాకప్ వేరొక గూగుల్ ఖాతాలో ఉంటుంది. ఒక పెద్దాయన ఫోన్‌ను మొదట ఆయన కొడుకు తన జీమెయిల్‌తో సిద్ధం చేసి ఇచ్చాడు. తరువాత ఆయన సొంత జీమెయిల్‌ను కూడా అందులో చేర్చారు. అప్పటి నుంచి ప్లేస్టోర్, ఫోటోలు అన్నీ ఆయన ఖాతాలోనే నడిచాయి గాని, వాట్సాప్ బ్యాకప్ మాత్రం మొదట ఎంచుకున్న కొడుకు ఖాతాకే రోజూ వెళ్తూ ఉండేది. కొత్త ఫోన్‌లో ఆయన ఖాతా ఒక్కటే ఉండటంతో వాట్సాప్‌కు ఏమీ దొరకలేదు. నంబరు సరైనదే, ఖాతా వేరు. వాట్సాప్ ఈ రెండూ కలిస్తేనే బ్యాకప్‌ను గుర్తిస్తుంది.

ఇంట్లోవాళ్ల ఖాతాలతో సహా ఆ ఫోన్‌లో ఎప్పుడైనా వాడిన ప్రతి ఖాతాతోనూ ఒక్కొక్కటిగా డ్రైవ్‌లో చూడండి. దొరికిన ఖాతాను కొత్త ఫోన్ సెట్టింగ్స్‌లో చేర్చి, వాట్సాప్‌ను తొలగించి, మళ్లీ ఎక్కించి, నంబరు ధ్రువీకరించాక Restore నొక్కండి. ఈ అవకాశం మొదటి అమరికలో మాత్రమే వస్తుంది కనుక, ఇప్పటికే Skip నొక్కినవారు కూడా ఇలా తొలగించి ఎక్కించవలసిందే.

అసలు ప్రమాదం Skip తరువాత వస్తుంది. ఖాళీగా ఉన్న కొత్త వాట్సాప్ నుంచి అదే ఖాతాకు ఒక్కసారి బ్యాకప్ వెళ్లిందంటే, పాత బ్యాకప్ స్థానంలో ఆ ఖాళీ బ్యాకప్ చేరుతుంది, పాతదాన్ని వెనక్కి తెచ్చే మార్గం ఉండదు. కాబట్టి పాతది తిరిగి వచ్చేవరకు వాట్సాప్ సెట్టింగ్స్‌లోని Chat backup జోలికి వెళ్లకండి.

బ్యాకప్ ఉన్నా, తేదీ నెలల కిందటిదైతే

గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోయి ఉంటుంది. ఒకప్పుడు ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ ఈ లెక్కలోకి వచ్చేది కాదు. 2024లో అమలైన మార్పుతో జీమెయిల్, ఫోటోలతో పాటు అదీ ఆ 15 జీబీలోనే సర్దుకోవలసి వచ్చింది. చోటు లేక బ్యాకప్ ఆగిపోయినా వాట్సాప్ యథావిధిగా పనిచేస్తుంది కనుక ఎవరూ గమనించరు. ఆ తేదీ తరువాతి సందేశాలు పాత ఫోన్‌లో ఉన్న స్థానిక బ్యాకప్‌లో మాత్రమే ఉంటాయి.

ఆ బ్యాకప్‌ను వాట్సాప్ రోజూ తెల్లవారుజామున రెండు గంటలకు ఫోన్‌లోనే ఈ చోట రాసుకుంటుంది:

```
Android/media/com.whatsapp/WhatsApp/Databases
```

పోయింది డిస్‌ప్లే మాత్రమే అయితే, దాన్ని మార్పించి, లాక్ తీసి, WhatsApp ఫోల్డర్ మొత్తాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. కొత్త ఫోన్‌లో వాట్సాప్ ఎక్కించి, నంబరు ఇవ్వకముందే ఆ ఫోల్డర్‌ను అదే చోట పెట్టి, తరువాత అమరిక కొనసాగించండి. డ్రైవ్‌లోని పాత బ్యాకప్ అడ్డు రాకుండా, ఆ ఖాతాను కొత్త ఫోన్‌లో అప్పటికి చేర్చకుండా ఉండటం మేలు. బోర్డే పోతే, ఫోన్ ఆన్ అయ్యి లాక్ తీయగలిగే స్థితి వరకు బోర్డును బాగుచేయించడం ఒక్కటే దారి. నిల్వ అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి మెమరీ చిప్ ఒక్కదాన్ని ఊడదీసి చదివిస్తామనేవారికి డబ్బు ఇవ్వకండి.

ఆ ఫోల్డర్‌లోని బ్యాకప్ ఫైలు పాడవడం అరుదు. అలా జరిగితే, తేదీతో ఉన్న ముందురోజు ఫైలు పేరును msgstore.db.crypt14 లేదా crypt15 గా, పాత పొడిగింపు మార్చకుండా, సవరించి ప్రయత్నించండి. ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్న బ్యాకప్ పాస్‌వర్డ్‌ను లేదా 64 అంకెల కీని మరిచిపోయినవారికి మాత్రం నేనే కాదు, వాట్సాప్ కూడా ఏమీ చేయలేదు.

చోటు నిండే ఇబ్బంది మళ్లీ రాకుండా Chat backup లో వీడియోలను చేర్చే ఎంపికను ఆపివేయండి, పైన చెప్పిన ఫోల్డర్‌ను నెలకొకసారి కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. బ్యాకప్ వెళ్లే ఖాతా పేరు అదే తెర మీద ఉంటుంది. ఫోన్ పనిచేస్తున్నప్పుడే దాన్ని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.