నెలాఖరు మంగళవారం లోపు: నిఫ్టీ ఫ్యూచర్స్‌లో ట్రెండ్ పట్టుకుని కూర్చున్నవాళ్ళకు జాగ్రత్తలు

ఇది రోజూ కొని రోజూ అమ్మేవాళ్ళకు కాదు. ట్రెండ్ పట్టుకుని నెలల తరబడి పొజిషన్ మోసేవాళ్ళకు. ఇండెక్స్ ఫ్యూచర్స్‌లో నెలల తరబడి మోయడమంటే ప్రతి నెలా ఒకసారి పాత కాంట్రాక్టు వదిలి కొత్తది పట్టుకోవడమే, దాన్నే రోల్ అంటారు. ఎన్‌ఎస్‌ఈలో నిఫ్టీకి ఒకేసారి మూడు నెలల కాంట్రాక్టులు నడుస్తుంటాయి. 2025 సెప్టెంబర్ నుంచి అవి నెలలో చివరి మంగళవారం ముగుస్తున్నాయి, అంతకుముందు చివరి గురువారం ముగిసేవి. పాత అలవాటుతో ఇంకా గురువారం కోసం ఎదురుచూసేవాళ్ళను నేను చూశాను. మంగళవారం సెలవైతే అంతకుముందు ట్రేడింగ్ రోజే గడువు. ముందు క్యాలెండర్‌లో ఆ తేదీకి గుర్తు పెట్టుకోండి.

ఎక్స్‌పైరీ వారం గురించి మాట్లాడే ముందు అసలు ఎన్ని లాట్లు మోస్తున్నారో చూసుకోవాలి. ఆ వారంలో జరిగే పొరపాట్లు చిన్నవే, లాట్లు ఎక్కువైతేనే అవి పెద్దవవుతాయి.

మార్జిన్ చూసి లాట్లు లెక్కపెట్టకండి

2026 జనవరి కాంట్రాక్టుల నుంచి నిఫ్టీ లాట్ 65. నిఫ్టీ ఒక్క పాయింట్ కదిలితే లాట్‌కు 65 రూపాయలు వస్తాయి లేదా పోతాయి. ఫ్యూచర్ 25,000 దగ్గర ఉందనుకుంటే ఒక లాట్ విలువ 16.25 లక్షలు. స్పాన్, ఎక్స్‌పోజర్ కలిపి మార్జిన్ సుమారు 12 శాతం అనుకుంటే 1.95 లక్షలు. ఈ శాతం మార్కెట్ ఊగే కొద్దీ మారుతుంది కాబట్టి ఆ రోజు అంకె బ్రోకర్ కాలిక్యులేటర్‌లో చూసుకోవాల్సిందే.

ఇప్పుడు ఖాతాలో 5 లక్షలున్న మనిషిని తీసుకుందాం. స్క్రీన్ మీద రెండు లాట్లు వస్తాయని కనిపిస్తుంది, రెండు కొంటాడు. ఆయన పద్ధతిలో స్టాప్ 410 పాయింట్ల దూరం. రోజువారీ బార్ల మీద ట్రెండ్ పట్టుకునేవాడికి అది మామూలు దూరమే, ఇంకా దగ్గర పెడితే మామూలు ఊగిసలాటకే బయటికి వచ్చేస్తాడు. లాట్‌కు నష్టం 410 × 65, అంటే 26,650. రెండు లాట్లకు 53,300, ఖాతాలో పది శాతం పైనే.

ట్రెండ్ పద్ధతుల్లో పదింట్లో ఆరు ట్రేడులు నష్టంతో ముగియడం వింత కాదు. వరసగా ఐదారు స్టాపులు తగలడం కూడా జరిగేదే. మూడో స్టాప్ తగిలేసరికి ఈయన దగ్గర మిగిలేది 3.4 లక్షలు. రెండు లాట్లకు కావాల్సింది 3.9 లక్షలు. నాలుగో ట్రేడులో నిజమైన ట్రెండ్ మొదలైతే ఆయన చేతిలో ఉండేది ఒకే లాట్. పద్ధతి తప్పు కాకపోయినా, రెండు లాట్లతో పోగొట్టుకుని ఒక లాట్‌తో సంపాదించాల్సి వస్తుంది.

అందుకే లెక్క అటు నుంచి మొదలుపెట్టాలి. ఒక ట్రేడులో ఖాతాలో 1.5 శాతం మించి పోకూడదు అనుకుంటే, 26,650 నష్టాన్ని తట్టుకునే ఖాతా సుమారు 17.8 లక్షలు. అది ఒక్క లాట్‌కు. వినడానికి చేదుగా ఉంటుంది కానీ నిఫ్టీ లాట్ ఇవాళ ఆ సైజులో ఉంది. 2024 మధ్యలో లాట్ 25 ఉన్నప్పుడు ఇదే స్టాప్‌కు 6.8 లక్షలు సరిపోయేవి. ఆ ఏడాది నవంబర్ నుంచి కొత్త కాంట్రాక్టులకు లాట్ 75 అయింది, తర్వాత 65కు దిగింది. అప్పట్లో రాసుకున్న 'ఇంత ఖాతాకు ఇన్ని లాట్లు' అనే చీటీ ఎవరి దగ్గరైనా ఉంటే చించేయండి. లాట్ మారే నెలలో రోల్ చేసేటప్పుడు పాతది 75 అమ్మి కొత్తది 65 కొంటారు. పాయింట్‌కు వచ్చే పోయే డబ్బు ఆ రోజు నుంచే మారిపోతుంది.

మార్జిన్ మీద ఇంకొకటి. చాలామంది షేర్లు ప్లెడ్జ్ చేసి మార్జిన్ తెచ్చుకుంటారు. అందులో తప్పేం లేదు, కానీ ఫ్యూచర్స్‌లో ఏ రోజు నష్టం ఆ రోజే లెక్కగట్టి నగదుగా తీసుకుంటారు. ప్లెడ్జ్ షేర్లు దానికి పనికిరావు. పైగా మార్కెట్ పడ్డ రోజే ప్లెడ్జ్ విలువా పడుతుంది, మార్జిన్ శాతమూ పెరుగుతుంది, నష్టం కట్టాల్సిందీ అప్పుడే. మూడూ ఒకే రోజు మీద పడతాయి. లాట్‌కు కనీసం 1,000 పాయింట్ల నష్టానికి సరిపడా, అంటే 65,000, విడిగా నగదు ఉంచుకోమని నేను చెబుతాను.

వెయ్యి ఎందుకంటే 2024 జూన్ 3, 4 తేదీలు గుర్తు తెచ్చుకోండి. ఎగ్జిట్ పోల్స్ చూసి 3న నిఫ్టీ 733 పాయింట్లు ఎగిరి 23,264 దగ్గర ముగిసింది. ట్రెండ్ పద్ధతులన్నీ 'కొను' అంటున్న రోజది. మర్నాడు లెక్కింపు రోజున 1,379 పాయింట్లు పడి 21,884 దగ్గర ముగిసింది. ఇవాళ్టి లాట్‌తో చూస్తే లాట్‌కు దాదాపు 89,700. బడ్జెట్, ఎన్నికల ఫలితాల రోజుల్లో ఈ వెయ్యి కూడా చాలకపోవచ్చు. పైగా ఎక్స్ఛేంజ్‌లో పెట్టిన స్టాప్ ఆర్డర్ సాయంత్రానికి రద్దయిపోతుంది, మర్నాడు మళ్ళీ పెట్టాలి. పెట్టినా మార్కెట్ కిందనే తెరుచుకుంటే దొరికే ధర మీరు రాసుకున్న ధర కాదు. రెండు లాట్లున్నవాడు ముందురోజు ఒకటి దించుకోవచ్చు. ఒకటే ఉన్నవాడికి ఆ సౌకర్యం లేదు: పూర్తిగా దిగిపోవాలి, లేదా పుట్ కొనుక్కోవాలి. ఫలితాల ముందురోజు పుట్ ఎంత ఖరీదో కొన్నవాళ్ళకు తెలుసు.

రోల్ చేసేటప్పుడు స్టాప్ కూడా కదలాలి

ఇప్పుడు అసలు సంగతి. వచ్చే నెల ఫ్యూచర్ ఈ నెలదాని కంటే సాధారణంగా ఎక్కువ ధరలో ఉంటుంది. అది జనం ఆశ కాదు, వడ్డీ. 25,000 మీద ఏడాదికి 6.5 శాతం చొప్పున 28 రోజులకు సుమారు 125 పాయింట్లు. మే నుంచి ఆగస్టు దాకా కంపెనీలు డివిడెండ్లు ఇచ్చే కాలంలో ఈ తేడా బాగా తగ్గుతుంది, ఒక్కోసారి ఫ్యూచర్ స్పాట్ కంటే, అంటే అసలు నిఫ్టీ సూచీ కంటే, కిందకి కూడా వస్తుంది.

మీరు లాంగ్‌లో ఉన్నారనుకోండి. ఈ నెల కాంట్రాక్టు 24,990కి అమ్మి, వచ్చే నెలది 25,115కి కొన్నారు. స్టాప్ 24,580 దగ్గర ఉంది. ఎంతోమంది దాన్ని అలాగే కొత్త కాంట్రాక్టుకు పెట్టేస్తారు. మొదట్లో నేనూ పెట్టాను, రెండు నెలలు గమనించనే లేదు. పాత కాంట్రాక్టు నుంచి 24,580 దూరం 410 పాయింట్లు, కొత్తదాని నుంచి 535. లాట్‌కు నష్టం 26,650 నుంచి 34,775కి పెరిగింది. రోల్ తేడా 125ను స్టాప్‌కు కలపాలి, అంటే 24,705. షార్ట్‌లో ఉన్నా అంతే, అదే వైపు అదే 125. అక్కడ కలపకపోతే స్టాప్ మరీ దగ్గరై ఊరికే తగులుతుంది.

ఆ 125 ఇవాళే పోయిన నష్టం కాదు. కానీ నిఫ్టీ వచ్చే నెలంతా ఉన్నచోటే ఉంటే, గడువు నాటికి కొత్త కాంట్రాక్టు స్పాట్ దగ్గరికి దిగివస్తుంది, లాట్‌కు 8,125 కరిగిపోతాయి. లాంగ్ మోసేవాడు కట్టే అద్దె అది. షార్ట్‌కు అదే కలిసొస్తుంది.

చార్ట్ చెప్పే అబద్ధం

చాలా ప్లాట్‌ఫారాల్లో కనిపించే 'కంటిన్యుయస్' చార్ట్ పాత కాంట్రాక్టు బార్ల పక్కన కొత్తదాని బార్లు అతికిస్తుంది. అతికిన చోట మార్కెట్‌లో జరగని ఒక గంతు కనిపిస్తుంది. మన లెక్కనే తీసుకుందాం. గడిచిన 20 రోజుల గరిష్ఠం 25,080. ఈ నెల కాంట్రాక్టు 24,990 దగ్గర ఉంది, అంటే గరిష్ఠం దాటలేదు. మర్నాడు చార్ట్ కొత్త కాంట్రాక్టుకు మారింది, స్పాట్ కదలకపోయినా ధర 25,115. '20 రోజుల గరిష్ఠం దాటింది, రెండో లాట్ కలుపు' అని సిగ్నల్ వచ్చేస్తుంది. స్పాట్ చార్ట్ తెరిచి చూస్తే అక్కడ గరిష్ఠమూ లేదు, దాటడమూ లేదు.

దీనికి మందు, రోల్ రోజున పాత బార్లన్నిటికీ తేడాను కలపడం. 25,080 కాస్తా 25,205 అవుతుంది, 25,115 దాని కిందే ఉంటుంది, సిగ్నల్ రాదు. అలా సరిచేసిన చార్ట్ దొరక్కపోతే సిగ్నల్ స్పాట్ ఇండెక్స్ మీద చూసుకుని ఆర్డర్ మాత్రం ఫ్యూచర్‌లో పెట్టండి. నేను చేసేది ఇదే. దీనికీ ఒక లోపం ఉంది. స్పాట్ మీద పాత ఏళ్ళ లాభం లెక్కేస్తే పైన చెప్పిన అద్దె అందులో ఉండదు, లాంగ్ ట్రేడులు అసలు కంటే అందంగా కనిపిస్తాయి. సరిచేసిన చార్ట్‌లో ఆ అద్దె వచ్చేస్తుంది. కాకపోతే అందులో పాత ధరలు అసలు ధరలు కావు, శాతాలు లెక్కించడానికి పనికిరావు.

ఆఖరి రోజు దాకా ఆగొద్దు

మంగళవారం గడువైతే ముందు గురు, శుక్రవారాల్లోనే రోల్ ముగించడం నాకు అలవాటు. అప్పటికి వచ్చే నెల కాంట్రాక్టులో కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు బాగానే ఉంటారు. అమ్మకం, కొనుగోలు రెండు కాళ్ళూ లిమిట్ ఆర్డర్లతోనే, ఒకటి అయిన వెంటనే రెండోది. కొత్తది ముందు కొంటే కొద్ది నిమిషాలు రెండు పొజిషన్లు ఉంటాయి, దానికి మార్జిన్ ఉండాలి. పాతది ముందు అమ్మితే ఆ నిమిషాల్లో పొజిషనే లేకుండా ఉంటారు. ప్రశాంతంగా ఉన్న మధ్యాహ్నం పూట ఏదైనా ఒకటే.

గడువు రోజున మాత్రం లెక్క వేరు. రెండు వేర్వేరు నెలల్లో ఎదురెదురు పొజిషన్లు ఉంటే మామూలు రోజుల్లో మార్జిన్ బాగా తగ్గుతుంది. 2025 ఫిబ్రవరి నుంచి ఆ రోజే ముగిసే కాంట్రాక్టుకు గడువు రోజున ఆ తగ్గింపు లేదు. నెలంతా స్ప్రెడ్ మోసినవాడికి ఆ ఉదయం మార్జిన్ చాలట్లేదని మెసేజ్ వస్తుంది.

'వదిలేద్దాం, అదే సెటిల్ అవుతుంది' అనుకునేవాళ్ళు ఒకటి గమనించాలి. సెటిల్‌మెంట్ మూడున్నరకు స్క్రీన్ మీద కనిపించిన ఫ్యూచర్ ధరకు కాదు, ఇండెక్స్ ముగింపు విలువకు జరుగుతుంది. ఆ విలువ చివరి అరగంట ధరల సగటు నుంచి వస్తుంది. మూడు గంటలకు 25,060 ఉండి చివరి పది నిమిషాల్లో జారితే, మీరు చూసిన ధరకూ వచ్చిన ధరకూ పాతిక, ముప్ఫై పాయింట్ల తేడా ఉండొచ్చు. పాతది అలా ముగిశాక కొత్తది బుధవారం ఉదయం కొనాలి. రాత్రంతా ట్రెండ్‌లో మీరు లేనట్టే.

రోల్ అయ్యాక నోట్‌బుక్‌లో నాలుగు అంకెలు రాసుకోండి: అమ్మిన ధర, కొన్న ధర, తేడా, కొత్త స్టాప్. అమ్మిన కాలు మీద ఎస్‌టీటీ, రెండు కాళ్ళ మీద బ్రోకరేజీ, ఇతర చార్జీలు పడతాయి, కాంట్రాక్ట్ నోట్ వచ్చాక వాటినీ పక్కన వేసుకోండి. ఎస్‌టీటీ రేటు ఎప్పటికప్పుడు మారుతోంది. 2024 అక్టోబర్‌లో 0.0125 శాతం నుంచి 0.02కు, 2026 ఏప్రిల్ నుంచి 0.05కు పెంచారు, కాబట్టి పాత రేటుతో లెక్కవేయకండి. ఏడాదికి పన్నెండు రోల్స్ అంటే పన్నెండు సార్లు ఈ ఖర్చు.