లేఆఫ్ పుకార్లు ఆగడం లేదా? "ఎవరు చెప్పారు" అని మాత్రం అడగకండి

సమస్య: క్లయింట్ కాంట్రాక్టు మార్చి 31తో అయిపోతుంది, రెన్యువల్ ఇంకా తేలలేదు. "ఏప్రిల్‌లో సగం మందిని తీసేస్తారట" అన్న మాట టీమంతా పాకింది. మేనేజర్ ప్యాంట్రీలోకి రాగానే అందరూ గప్‌చుప్. మీటింగులో ప్రశ్నలున్నాయా అంటే ఎవరూ నోరు విప్పరు.

ముందు ఇది చూడండి: టీముతో చివరిసారి ఎప్పుడు మాట్లాడారు? చాలామంది ఈ ప్రశ్న దాటేసి పుకారు పుట్టించినవాళ్ల కోసం వెతుకుతారు. కొత్త విషయమేమీ లేదని రెండు వారాలుగా మీటింగ్ రద్దు చేస్తుంటే కారణం అదే. ఇంకా ఏమీ తేలలేదన్న సంగతే వాళ్లకు తెలియాలి.

వారం వారం చెబుతున్నా ఆగకపోతే: సగం నిజమున్న పుకారును "అంతా అబద్ధం" అని కొట్టిపారేశారేమో చూసుకోండి. ఎక్కువగా దెబ్బతీసేది ఇదే, పైకి కనిపించదు కూడా. హెచ్‌ఆర్ వాళ్లు మూడు రోజులపాటు కాన్ఫరెన్స్ రూమ్ బుక్ చేయడం, ఇద్దరి జాయినింగ్ ఆగిపోవడం టీము కళ్లారా చూసింది. చూసింది నిజమే, దానికి చెప్పుకున్న కారణమే ఊహ. మీరు రెండింటినీ కలిపి కాదనేసరికి, ఆ తర్వాత మీరు చెప్పే నిజం కూడా ఎవరూ నమ్మరు.

అందుకే ఒక్కొక్కరితో మాట్లాడేటప్పుడు "ఏం చూశారు, దేని గురించి భయపడుతున్నారు?" అని అడగండి. "ఎవరు చెప్పారు?" అని అడిగిన రోజే ఆ మాటలు మీరు లేని వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిపోతాయి. తర్వాత చూసినదాన్నీ ఊహనూ విడదీసి, హెచ్‌ఆర్‌తో సరిచూసుకుని, అందరికీ ఒకేసారి చెప్పండి:

"రూమ్ బుక్ చేసింది అప్రైజల్ మీటింగుల కోసం. జాయినింగులు ఆపిన మాట నిజం, రెన్యువల్ మీద సంతకం కాలేదు కాబట్టి. ఎవరినైనా తీసేయాలా అన్నది ఇంకా నిర్ణయించలేదు. ఎవరినీ తీసేయరని నేను మాట ఇవ్వలేను. శుక్రవారం 4 గంటలకు మళ్లీ కలుద్దాం, కొత్త సంగతి లేకపోయినా."

చెప్పకూడని విషయమైతే "అది నేను చెప్పలేను" అనండి, తెలియదని అబద్ధమాడకండి. విడిగా వచ్చి అడిగినవాళ్లకు ఒక ముక్క ఎక్కువ చెప్పినా, సాయంత్రానికి మళ్లీ రెండు కథలు తిరుగుతాయి.

అరుదైనవి: కావాలని పుకారు పుట్టించేవాళ్లు తక్కువ, వాళ్లమీద టైమ్ పెట్టకండి. పేరుపెట్టి ఒకరి సొంత విషయాలు మాట్లాడటం మాత్రం వేరే సంగతి. దాన్ని అక్కడికక్కడే, పక్కకు పిలిచి ఆపించాలి.

తగ్గిందని ఎలా తెలుస్తుంది: ప్రశ్నలు సూటిగా మీ దగ్గరికే వస్తాయి, మొదట్లో చాలా ఘాటుగా. రెండు శుక్రవారాలు గడిచినా ఒక్కటీ రాకపోతే, వాళ్లు చూసినదేదో మీరింకా వివరించలేదు. మళ్లీ అడగండి.