జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా ఆన్‌లైన్‌లో చీరలు అమ్మాలంటే: ఎన్‌రోల్‌మెంట్ నంబర్ పొందే విధానం

షావుకారుకి కాకుండా కొనేవాళ్లకే నేరుగా అమ్ముదామని ఈ-కామర్స్ సైట్‌లో ఖాతా తెరవబోతే, మొదట అడిగేది జీఎస్టీ నంబర్. చాలా నేత కుటుంబాలు అక్కడే ఆగిపోతాయి. నిజానికి 2023 అక్టోబర్ 1 నుంచి చిన్న అమ్మకందారులకు ఆ నంబర్ తప్పనిసరి కాదు. దాని బదులు ఎన్‌రోల్‌మెంట్ నంబర్ చాలు. దీనికి ఫీజు లేదు.

ముందు మీ ఏడాది అమ్మకాలు లెక్క చూసుకోండి. సరుకులు మాత్రమే అమ్మేవారికి పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. మంగళగిరిలో ఒక కుటుంబం సొంత నూలుతో నెలకు నాలుగు చీరలు నేసి, ఒక్కోటి 6,000కు అమ్ముతుందనుకుందాం. ఏడాదికి 2,88,000. షావుకారు నూలుతో నేసినందుకు వచ్చే మజూరీ మరో 90,000. అదే పాన్ మీద వస్తే దాన్నీ కలపాలి. మొత్తం 3,78,000. రెండు పరిమితులకూ చాలా దూరం. ఒక్క మాట: షావుకారు నూలుతో నేసిన చీర మీది కాదు, దాన్ని సైట్‌లో పెట్టకూడదు.

తర్వాత, ఎవరి పాన్ మీద వెళ్లాలో ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. చాలామందికి చిక్కు వచ్చేది ఇక్కడే. పాన్ భర్తది, బ్యాంకు ఖాతా భార్యది, ఫోన్ కొడుకుది అయితే సైట్‌లో ఖాతా తనిఖీ దగ్గర పేర్లు కలవవు. ఎన్‌రోల్‌మెంట్, అమ్మకం ఖాతా, బ్యాంకు మూడూ ఒకే మనిషి పేరు మీద ఉంచండి. ఆ పాన్‌తో ఇప్పటికే జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఈ దారి పనికిరాదు.

ఇక దరఖాస్తు. gst.gov.in లో సర్వీసెస్ కింద యూజర్ సర్వీసెస్‌లోకి వెళ్లి, రిజిస్ట్రేషన్ లేనివారు యూజర్ ఐడీ తెచ్చుకునే చోట ఈ-కామర్స్ ద్వారా అమ్మే సరఫరాదారుగా నమోదు చేసుకోవాలి. పాన్, రాష్ట్రం, వ్యాపారం చేసే చిరునామా ఇవ్వాలి. మగ్గం ఇంట్లోనే ఉంటే ఇంటి చిరునామానే రాయండి. పాన్ సరిచూశాక నంబర్ వస్తుంది. అది చేతికి రాకముందు సైట్‌లో ఒక్క చీర కూడా అమ్మకూడదు. వచ్చాక సైట్‌లో జీఎస్టీ నంబర్ బదులు దాన్ని ఇవ్వండి. బిల్లులో మాత్రం జీఎస్టీ వేయకండి, రిజిస్ట్రేషన్ లేనివారికి ఆ హక్కు లేదు.

దీనికి పెద్ద హద్దు ఒకటుంది. ఈ నంబర్‌తో సైట్ ద్వారా సొంత రాష్ట్రంలోనే అమ్మగలరు. మంగళగిరి చీర విశాఖకు వెళ్తుంది, హైదరాబాద్‌కు వెళ్లదు. పక్క రాష్ట్రాల నుంచి అడిగేవాళ్లు ఎక్కువైతే మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి వెళ్లాల్సిందే. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీమ్ తీసుకోకండి, అందులో ఉన్నవారు వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. రిజిస్ట్రేషన్ అమల్లోకి రాగానే పాత ఎన్‌రోల్‌మెంట్ నంబర్ చెల్లదు. అదే రోజు సైట్‌లో కొత్త నంబర్ మార్చండి.