ముహూర్తం, తడి జుట్టు, ఒక పేజీ ఒప్పందం

గుంటూరులో నేను మేకప్ చేసిన మొదటి పెద్ద పెళ్లికి ముహూర్తం తెల్లవారుజామున 4:40 గంటలకు; పెళ్లికూతురి అలంకరణ ఒక్కటే ఫోన్‌లో మాట్లాడుకున్నాము. తీరా ఆ రాత్రి తల్లి, వదిన, పిన్ని వరుసగా కుర్చీలో కూర్చున్నారు. మంగళస్నానం ఆలస్యమై వధువు తడి జుట్టుతో వచ్చింది. పూలజడ పూర్తయ్యేసరికి గౌరీపూజ వేళ దాటింది. ఆ ఆలస్యానికి నన్నే బాధ్యురాలిని చేసి, మిగిలిన సొమ్ములో సగం కోసివేశారు.

1872 నాటి భారత ఒప్పందాల చట్టం కింద నోటిమాటకూ విలువ ఉండవచ్చు గానీ, దానిని నిరూపించడమే కష్టం. అందుకే ఇప్పుడు అడ్వాన్సుతో పాటే ఒక పేజీ పత్రంపై ఇరువైపులా సంతకాలు తీసుకుంటున్నాను. అలంకరణ ఎవరెవరికో పేర్లతో, అదనంగా వచ్చేవారికి తలకెంతో అందులో ఉంటుంది. వధువు ఆరిన జుట్టుతో గౌరీపూజకు మూడు గంటల ముందే కూర్చోవాలనీ, వారి వల్ల జరిగిన జాప్యానికి కోత ఉండదనీ, బాకీ మొత్తం పని మొదలుపెట్టక ముందే ఇవ్వాలనీ రాస్తాను.

రద్దు షరతులో మాత్రం అత్యాశ పనికిరాదు. పత్రంలో ఎంత రాసుకున్నా, అదే చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం ఆ మొత్తానికి మించకుండా సముచితమైన పరిహారమే దక్కుతుంది.