పద్యం పాదాల దగ్గర ఆగకండి

పోతన ‘సిరికిం జెప్పడు’ పద్యానికి తాత్పర్యం రాసే ముందు సంధులు విడదీసుకోండి. పాదం ఛందస్సు లెక్కకి ఆగుతుంది, అర్థం అక్కడ ఆగాలని లేదు. మొదటి పాదం చివరి ‘ఏ’ రెండో పాదంలోని ‘పరివారంబు’కి చెందింది, రెండో పాదం చివరి ‘ఆకర్ణికాం’ అయితే మూడో పాదంలోని ‘తర’తో కలిస్తేనే మాట అవుతుంది.

తర్వాత క్రియలు వెతకండి. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు: ఆరు. అంటే ఆరు చిన్న వాక్యాలు రాయాలి.

కర్త పద్యంలో లేడు, విష్ణువు అని మీరే చేర్చి బ్రాకెట్లో పెట్టండి. ‘చీరడు’ అంటే పిలవడు, బట్ట సంగతి కాదు (ఇక్కడ చాలామంది బోల్తా పడతారు).

చివర్లో ‘గజప్రాణావనోత్సాహియై’ని ఆరు వాక్యాలకీ కలిపి చదవండి, ఏనుగు ప్రాణం కాపాడే ఉత్సాహంతో అని. ఏదైనా వాక్యానికి అతకకపోతే విడదీయడంలోనే తేడా ఉంది. భక్తి, కరుణ లాంటి మాటలు అప్పటిదాకా రాయొద్దు.